అమ్మకం ప్రకటనలో నా ఫోన్ నంబరు పెట్టాలా, వద్దా?

మల్లెతీగ
ఇల్లు మారుతున్నామండీ. వాషింగ్ మెషిన్, చదువుకునే బల్ల, పిల్లాడి సైకిల్ అమ్మేయాలి. ఒక క్లాసిఫైడ్ సైట్లో ప్రకటన వేద్దామని కూర్చుంటే ఫారం చివర ఫోన్ నంబరు అందరికీ చూపించాలా అని అడుగుతోంది. అదే ప్రకటన మా ఏరియా వాట్సాప్ గ్రూపులో కూడా వేయాలి. ఆ గ్రూపులో నాకు తెలిసినవాళ్ళు కొద్దిమందే, లింకు ఎవరి చేతికి దొరికితే వాళ్ళు చేరిపోతూ ఉంటారు. మా ఆయన నంబరు పెట్టెయ్, రెండు రోజుల్లో అమ్ముడుపోతాయి అంటున్నారు. నాకేమో టెన్షన్. నా బ్యాంకు, మెయిల్, పిల్లాడి స్కూలు, అన్నీ ఈ ఒక్క నంబరు మీదే ఉన్నాయి. అందరూ పెడుతున్నారు కదా, నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా? నంబరు లేకపోతే అసలు కొనేవాళ్ళు వస్తారా?

గాలిపటం
చాలా తేలిక అక్కా. నంబరు అంకెల్లో రాయకండి, వాట్సాప్ లింకు పెట్టండి, wa.me తో మొదలయ్యేది. నొక్కితే నేరుగా మీ చాట్ తెరుచుకుంటుంది, నంబరు ఎవరికీ కనపడదు. లేదంటే నంబరును అక్షరాల్లో రాయండి, తొమ్మిది, ఎనిమిది అని. దొంగ ప్రోగ్రాములు అంకెలనే వెతుకుతాయి కాబట్టి వాటికి దొరకదు.

పాతరేడియో
గాలిపటం గారూ, ఆ లింకును ఒకసారి పూర్తిగా చదివి చూడండి. ఇలా ఉంటుంది:

```
https://wa.me/<దేశం కోడ్ + నంబరు>
```

లింకులోనే నంబరు మొత్తం ఉంది, నొక్కే పని కూడా లేదు. వ్యాపార ఖాతాలకు ఇచ్చే పొట్టి లింకులో అంకెలు కనపడవు, నిజమే. కానీ నొక్కి చాట్ తెరవగానే నంబరు బయటపడుతుంది. క్యూఆర్ కోడ్ అయినా అంతే.

అక్షరాల్లో రాయడం, బొమ్మ మీద రాసి పెట్టడం వల్ల కొంచెం ఉపయోగం ఉంది, కాదనను. పేజీల్లోంచి నంబర్లు ఏరుకునే మరీ సాధారణ ప్రోగ్రాములు తప్పిపోవచ్చు. కానీ ఇప్పుడు ఫోన్ కెమెరానే బొమ్మలో అక్షరాలు చదివేస్తోంది. పైగా మల్లెతీగ గారు భయపడాల్సింది ప్రోగ్రాము గురించి కాదు, కూర్చుని ప్రకటనలు చదివే మనిషి గురించి. వాడికి ఎలా రాసినా అర్థమవుతుంది.

నేను చాలా కాలం ఒక ప్రకటనల సైట్లో ఫిర్యాదుల విభాగంలో పనిచేశాను, ఆ అనుభవంతో చెప్తున్నాను. మీరు ఎక్కువేమీ ఆలోచించడం లేదు. కాస్త వీలు చూసుకుని వివరంగా రాస్తాను.

చిన్నోడు
అందరూ ఇంత భయపెట్టడం ఎందుకో. మన నంబర్లు ఎప్పుడో బయటపడిపోయాయి. 2021లో ఫేస్‌బుక్ నుంచే 53 కోట్ల మందికి పైగా వివరాలు నంబర్లతో సహా ఇంటర్నెట్‌లో పడ్డాయి. మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళలో ఏ ఒక్కరు పేర్లు చూపించే యాప్ వేసుకుని కాంటాక్టులు ఇచ్చేసినా మన పేరు కూడా దాంతో పోయినట్టే. దాచడానికి ఇంకేముంది? పెట్టేయండి, అమ్మేయండి.

రమణమూర్తి_మాస్టారు
అమ్మా, అనవసరపు కాల్స్ ఆగాలంటే ఫోన్ సెట్టింగుల్లో తెలియని నంబర్లను నిశ్శబ్దం చేసే సదుపాయం ఉంటుంది, అది పెట్టుకో. నేను పెట్టుకున్నాక ప్రాణం హాయిగా ఉంది. కాంటాక్టుల్లో లేనివాళ్ళ కాల్ మోగనే మోగదు.

మల్లెతీగ
మాస్టారూ, థాంక్సండీ. కానీ ప్రకటన వేశాక కొనేవాళ్ళందరూ తెలియని నంబర్లే కదా, అవి మోగకపోతే ఎలా? నా ప్రశ్న వచ్చే కాల్స్ ఆపడం గురించి కాదు, నంబరు ఇవ్వాలా వద్దా అన్నది.

రమణమూర్తి_మాస్టారు
అవును, సరిగా చదవలేదమ్మా. అయితే పెద్దవాళ్ళ మాట ఒకటి చెప్తాను. మాలాంటివాళ్ళకి చాట్‌లు చేతకావు. నంబరు లేని ప్రకటన చూస్తే వదిలేసి ఇంకోదానికి వెళ్ళిపోతాను. అది కూడా లెక్కలో పెట్టుకో.

పాతరేడియో
చిన్నోడు చెప్పింది సగం నిజం. నంబరు ఇప్పటికే ఎక్కడో ఒక జాబితాలో ఉండే ఉంటుంది. కానీ ఆ జాబితాలో ఉన్న నంబరు కోట్లలో ఒకటి. ప్రకటనలో నంబరు పెట్టినప్పుడు దాని పక్కన ఇంకో సంగతి కూడా చేరుతుంది: ఈ మనిషి ఈ వారం ముక్కూమొహం తెలియని వాళ్ళ ఫోన్ కోసం ఎదురు చూస్తోంది, ఎవరు పలకరించినా జవాబిస్తుంది, డబ్బు రావాలని చూస్తోంది. మోసం చేసేవాడికి కావాల్సింది నంబరు కన్నా ఈ సంగతే. మామూలు రోజుల్లో కొత్త నంబరు నుంచి మెసేజ్ వస్తే అనుమానిస్తాం. ప్రకటన వేసిన రోజున అనుమానించం, ఎందుకంటే మనమే రమ్మన్నాం.

అందుకే ఫిర్యాదుల్లో నేను ఎక్కువగా చూసింది ఒకటే కథ. కొనేవాడిలా పలకరిస్తాడు. మీరు నిజమైన మనిషో కాదో తెలియడం లేదు, ఈ మధ్య మోసాలు ఎక్కువయ్యాయి, మీకు ఒక కోడ్ పంపిస్తాను, అది చెప్తే నమ్ముతాను అంటాడు. ఆరు అంకెల కోడ్ నిజంగానే వస్తుంది. కానీ దాన్ని పంపింది వాడు కాదు. వాడు అప్పుడే తన ఫోన్లో మీ నంబరు కొట్టి వాట్సాప్ తెరవబోతున్నాడు, ఆ కోడ్ దానిది. చెప్పారా, మీ ఖాతా వాడి ఫోన్లో తెరుచుకుంటుంది. ఆ వెంటనే మీ పేరుతో మీ గ్రూపులన్నింటికీ, అర్జంటుగా డబ్బు కావాలి అని మెసేజ్ వెళ్తుంది.

రెండో రకం ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది. కాల్ చేసి, డెలివరీ మనిషికి మీ నంబరు కలవడం లేదట, ఈ నంబర్లు నొక్కండి సరవుతుంది అని నక్షత్రం, 21తో మొదలయ్యేది ఏదో చెప్తాడు. అది కాల్ ఫార్వర్డింగ్. ఆ తర్వాత మీకు రావాల్సిన కాల్స్ వాడికి వెళ్తాయి, కోడ్‌ను మాటల్లో చదివి చెప్పే కాల్స్‌తో సహా. అనుమానం వస్తే ఇది నొక్కి చూడండి:

```
*#21#
```

ఫార్వర్డింగ్ ఆన్‌లో ఉంటే ఏ నంబరుకు వెళ్తున్నాయో చాలా ఫోన్లలో చూపిస్తుంది. అన్ని రకాల ఫార్వర్డింగ్ తీసేయడానికి ఇది:

```
##002#
```

వాయిస్‌మెయిల్ వాడేవాళ్ళకి అది కూడా ఆగిపోతుంది, తర్వాత మళ్ళీ పెట్టుకోవాలి. అన్ని నెట్‌వర్కుల్లోనూ ఇవి ఒకేలా పనిచేయవు, పనిచేయకపోతే కంపెనీవాళ్ళని అడిగి తీయించుకోవాలి.

ఊహ
మా పిల్లి తప్పిపోయినప్పుడు నేను నంబరు ఊరంతా పంచాను, ఇప్పటికీ అదే సరైన పని అనుకుంటాను. పిల్లిని చూసినవాడు యాప్ వేసుకుని, ఖాతా తెరిచి మెసేజ్ పెడతాడా? అప్పటికి అది ఇంకో వీధికి పోతుంది. మీరు చెప్పేవన్నీ వాషింగ్ మెషిన్లకు సరిపోతాయేమో, అన్నిటికీ కాదు.

పాతరేడియో
ఒప్పుకుంటానండీ. నిమిషాలు ముఖ్యమైన చోట నంబరు ఇవ్వాల్సిందే. ఇంట్లో రెండో నంబరు ఉంటే అది ఇవ్వాలి, లేకపోతే ఉన్నదే. అక్కడ జాగ్రత్త వేరే చోట పడాలి: జంతువు గుర్తుల్లో ఒకటి ప్రకటనలో రాయకుండా మీ దగ్గరే ఉంచుకోండి, చెవి వెనక మచ్చలాంటిది. దొరికింది, ముందు ఖర్చులకు డబ్బు పంపండి అన్నవాడిని ఆ గుర్తు అడగండి, లేదా ఇప్పుడే ఫోటో తీసి పంపమనండి. ఇంకొకటి, పిల్లి దొరికినా ఆ మెసేజ్ ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది. ఏ తేదీన తప్పిపోయిందో అందులోనే రాస్తే కొంతకాలానికైనా జనం ఆపుతారు.

నీలిమేఘం
నాది కుట్టుపని. నా నంబరు షాపు బోర్డు మీద, కరపత్రాల మీద, ఫేస్‌బుక్ పేజీలో, అన్నిచోట్లా ఉంది. లేకపోతే నాకు పనే రాదు. రాత్రి పదకొండుకి కాల్ చేసి పిచ్చి మాటలు మాట్లాడేవాళ్ళు తగిలారు. అయినా నంబరు తీసేయలేను. నాలాంటివాళ్ళు ఏం చేయాలి? బ్యాంకు కూడా అదే నంబరు మీద ఉంది.

గాలిపటం
లింకు విషయం ఇప్పుడు చూశాను, నిజమే, నంబరు అందులోనే ఉంది. మరి టెలిగ్రామ్ అయితే? అందులో యూజర్‌నేమ్ ఇస్తే చాలు కదా.

పాతరేడియో
టెలిగ్రామ్ మంచి దారే, కానీ రెండు చోట్ల చూసుకోవాలి. Settings > Privacy and Security > Phone Number లోకి వెళ్ళి, నంబరు ఎవరు చూడొచ్చు అన్నచోట Nobody పెట్టండి. అప్పుడు కింద ఇంకో ప్రశ్న కనపడుతుంది, నంబరుతో మిమ్మల్ని ఎవరు వెతకొచ్చు అని. అక్కడ My Contacts పెట్టాలి. చాలామంది మొదటిది చేసి రెండోది వదిలేస్తారు. ఇంకో చిక్కు ఏమిటంటే కొనేవాడిని కాంటాక్టుగా కలుపుకునేటప్పుడు Share My Phone Number అని చిన్న గడి టిక్ పెట్టి ఉండొచ్చు. చూడకుండా నొక్కితే దాచిన నంబరు మీ చేతులతోనే ఇచ్చినట్టవుతుంది.

సిగ్నల్‌లో 2024 నుంచి యూజర్‌నేమ్‌లు వచ్చాయి. పని అయిపోయాక దాన్ని మార్చేయొచ్చు, పాతదానితో ఇక ఎవరూ మిమ్మల్ని పట్టుకోలేరు. కానీ అవతలివాళ్ళ దగ్గరా సిగ్నల్ ఉండాలి, సైకిల్ కొనడానికి కొత్త యాప్ ఎంతమంది వేసుకుంటారో చెప్పలేను.

అమ్మకాలకైతే నా ఓటు సైటు సొంత చాట్‌కే. కొనేవాడికి ఎలాగూ ఆ సైట్లో ఖాతా ఉంటుంది. గొడవ వస్తే మాటలన్నీ సైటు దగ్గర రికార్డు ఉంటాయి, మాలాంటివాళ్ళం చదివి ఖాతా ఆపగలిగేవాళ్ళం. చాట్‌లోంచి వాట్సాప్‌కు వెళ్ళిపోయాక జరిగినదాని మీద మాకు ఆధారమే ఉండేది కాదు. అందుకే మోసగాళ్ళు రెండో మాటకే, ఇక్కడ సరిగ్గా రావడం లేదు, మీ నంబరు ఇవ్వండి అంటారు.

నీలిమేఘం గారూ, మీరు తీయాల్సింది ఆ నంబరు కాదు, దానికి తగిలించిన మిగతావి. బోర్డు మీద ఉన్నదాన్ని వ్యాపారానికి వదిలేయండి. కొత్త సిమ్ ఒకటి తీసుకుని బ్యాంకు, మెయిల్ దానికి మార్చుకోండి, ఆ నంబరు ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ ఇవ్వకండి. అందరూ కొత్త సిమ్‌ను ప్రకటనలకు వాడతారు, మీ విషయంలో తిరగేసి చేయాలి.

నీలిమేఘం
బ్యాంకులో మార్చడం అంటే పని మానుకుని వెళ్ళాలి. కానీ మీరు చెప్పింది అర్థమైంది. రాత్రి కాల్స్ సంగతి మాత్రం అలాగే ఉంటుంది కదా.

పాతరేడియో
ఉంటుందండీ, దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. రెండు సిమ్‌ల ఫోన్ అయితే రాత్రి షాపు మూశాక ఆ సిమ్ ఒక్కటీ ఆపేయొచ్చు.

చిన్నోడు
అయితే మల్లెతీగ గారు కూడా ఒక చవక సిమ్ కొని, అమ్మడం అయ్యాక పారేస్తే సరిపోతుంది. ఇంత చర్చ ఎందుకు?

పాతరేడియో
రెండో సిమ్ మంచిదే, పారేయడం దగ్గరే జాగ్రత్త. వాడని నంబరును కంపెనీ కొంతకాలం తర్వాత ఇంకొకరికి ఇస్తుంది. ఈలోపు ఆ నంబరుతో సైట్లో ఖాతా, వాట్సాప్ తెరిచి ఉంటే, కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ ఖాతాల కోడ్‌లు వెళ్తాయి. పారేసే ముందు ఆ నంబరు మీద తెరిచినవన్నీ మూసేయాలి. రెండో నంబరు వాట్సాప్‌కి పాత ఫోటోనే పెడితే, మనిషి అదే అని ఎవరికైనా తెలిసిపోతుంది, ఇక దాచి లాభమేముంది?

మల్లెతీగ
అందరికీ థాంక్స్. సైట్లో నంబరు చూపించవద్దు అని పెట్టాను. మరి గ్రూపు సంగతేమిటి? అక్కడ నంబరు రాయకుండా, కావాల్సినవాళ్ళు నాకు మెసేజ్ చేయండి అని పెడితే చాలా?

పాతరేడియో
వాట్సాప్ గ్రూపులో మీరు రాసినా రాయకపోయినా మీ నంబరు సభ్యులందరికీ కనపడుతూనే ఉంది, చేరిన రోజు నుంచీ. ఈ ప్రకటన వల్ల కొత్తగా బయటపడేది కాదు. గ్రూపులోంచి వచ్చేసినా 60 రోజుల దాకా వెళ్ళిపోయినవాళ్ళ జాబితాలో ఉంటారు, పాత మెసేజ్‌ల పైన మీ నంబరు ఆ తర్వాత కూడా ఉంటుంది.

అలా అని మెసేజ్‌లో రాసెయ్యకండి, తేడా ఉంది. ఎవరైనా మీ మెసేజ్‌ను వేరే గ్రూపుకు ఫార్వర్డ్ చేస్తే అందులోని మాటలే వెళ్తాయి, పంపిన మనిషి ఎవరో వెళ్ళదు. నంబరు మాటల్లో ఉంటే అది కూడా వాటితో పాటే వెళ్ళిపోతుంది, ఇక ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. కాబట్టి గ్రూపులో సైటు ప్రకటన లింకు మాత్రం పెట్టండి. ఎన్ని చేతులు మారినా జనం ఆ చాట్ దగ్గరికే వస్తారు, వస్తువు అమ్ముడయ్యాక ప్రకటన మూసేస్తే లింకు కూడా చచ్చిపోతుంది.

మల్లెతీగ
అలాగే చేశాను. ఇది రాసుకున్నాను, చూసి చెప్పండి:

"వాషింగ్ మెషిన్, నాలుగేళ్ళు వాడింది, నీళ్ళు కారడం లేదు, తలుపు రబ్బరు కిందటేడు మార్చాం. ఇల్లు ఖాళీ చేస్తున్నాం, నెలాఖరులోగా తీసుకెళ్ళాలి. పగలు నేను ఒక్కదాన్నే ఉంటాను, ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు. ఈ సైట్లోనే మెసేజ్ చేయండి."

ఊహ
పగలు ఒక్కదాన్నే ఉంటాను అన్నది వెంటనే తీసేయండి! నంబరు కంటే అది ప్రమాదం.

పాతరేడియో
ఊహ గారు పట్టుకున్నారు, తీసేయాల్సిందే. సాయంత్రం ఐదు తర్వాత, ముందుగా చెప్పి రావాలి అని రాయండి. నెలాఖరు గడువు కూడా తీసేయడం మంచిది, మీకు తొందర ఉందని తెలిస్తే బేరం మీ చేతిలో ఉండదు. ఫోటోలు కూడా చూసుకోండి. మెషిన్ మీద అంటించిన సర్వీసు స్టిక్కర్ ఉంటే దాని మీద మీ పేరు, ఫోన్ నంబరు రాసి ఉండొచ్చు. నంబరు దాచి ఫోటోలో చూపించినవాళ్ళని బోలెడుమందిని చూశాను.

మల్లెతీగ
అయ్యో, స్టిక్కర్ నిజంగానే ఉందండీ! ఇంకా అప్‌లోడ్ చేయలేదు, పక్కనుంచి తీసిన ఫోటో పెడతాను.

మల్లెతీగ
ప్రకటన వేసి రెండు రోజులైంది. మొదటి మెసేజ్ వచ్చింది, చదవండి. "మేడమ్, మీరు అడిగిన ధరకే తీసుకుంటాను, చూడక్కర్లేదు. మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు. మీ నంబరు ఇవ్వండి, మీరు నిజమైనవారో కాదో తెలుసుకోవడానికి ఒక కోడ్ పంపుతాను." మీరు రాసిందే అక్షరం పొల్లు పోకుండా! నేను నంబరు ఇవ్వలేదు, మెషిన్ వెనక డ్రెయిన్ పైపు ఫోటో కావాలా అని అడిగాను, జవాబు లేదు.

పాతరేడియో
ఆ ప్రశ్న బాగా అడిగారు. నిజంగా కొనేవాడికి వస్తువు గురించే సందేహాలు ఉంటాయి, చప్పుడు చేస్తుందా, ఎన్ని కిలోలు పడతాయి, మెట్ల మీదుగా దిగుతుందా అని. ధర తగ్గించమని అడగకుండా, చూడకుండా కొంటాననేవాడికి కావాల్సింది మెషిన్ కాదు. ఆ చాట్‌ను చెరిపేయకండి, ముందు సైటుకు రిపోర్ట్ చేయండి. వాడు మీ ఒక్కరికే రాసి ఉండడు.

పనిలో పనిగా వాట్సాప్‌లో Settings > Account > Two-step verification కి వెళ్ళి ఆరు అంకెల పిన్ పెట్టుకోండి. ఎప్పుడైనా ఇంట్లో ఎవరైనా పొరపాటున కోడ్ చెప్పేసినా ఆ పిన్ లేకుండా వాడు వెంటనే లోపలికి రాలేడు. అప్పటికే ఖాతా పోయి ఉంటే, మీ ఫోన్లో మళ్ళీ మీ నంబరుతో నమోదు చేసి కొత్త కోడ్ కొట్టండి, వాడు బయటికి వెళ్ళిపోతాడు. వాడు తన పిన్ పెట్టి ఉంటే మాత్రం మీరు లోపలికి రావడానికి 7 రోజులు ఆగాలి.

రమణమూర్తి_మాస్టారు
నాకు కూడా ఆ పిన్ పెట్టించాలి. మా అమ్మాయికి చెప్తాను.

మల్లెతీగ
ఈ రోజు నిజంగా కొనేలా ఉన్న ఒక ఆవిడ మెసేజ్ చేశారు, ఎన్ని ప్రశ్నలు అడిగారో! రేపు సాయంత్రం వస్తారట. దారి తెలియక ఫోన్ చేయాల్సి వస్తుంది, నంబరు ఇవ్వండి అంటున్నారు. ఇప్పుడైనా ఇవ్వొచ్చా?

చిన్నోడు
ఇవ్వండి. ఒక్క మనిషికి ఇవ్వడం, ప్రపంచానికి చూపించడం ఒకటి కాదు, ఈ మాట ఇందాక నుంచీ మీరే అంటున్నారు కదా.

పాతరేడియో
నేనైతే అప్పుడు కూడా ఇవ్వను. వీధి మలుపు దగ్గరికి వచ్చి చాట్‌లోనే చెప్పమంటాను, నేనే వెళ్ళి తీసుకొస్తాను. పేమెంట్ యాప్‌లో డబ్బు పంపేటప్పుడు నంబరు అడిగితే, క్యూఆర్ చూపించినా చాలాసార్లు సరిపోతుంది. కానీ అందులో మీ పూర్తి పేరు కనపడొచ్చు, అది మీకు ఫరవాలేదో లేదో చూసుకోండి.

చిన్నోడు
మరీ అంతా? ఇంటికే వస్తున్న మనిషికి ఇల్లు తెలుస్తుంది, నంబరు తెలిస్తే ఏమైంది?

పాతరేడియో
ఇల్లు ఈ నెలాఖరుకి మారిపోతారు. నంబరు మారదు కదా.

ఊహ
నేను చిన్నోడి వైపే. అన్ని ప్రశ్నలు అడిగి, టైము చెప్పుకుని వస్తున్న మనిషి, పాపం దారి తప్పి వీధిలో నిలబడితే ఏం బాగుంటుంది.

మల్లెతీగ
మా ఆయన నంబరు ఇస్తున్నాను. బ్యాంకు ఆ నంబరు మీద లేదు, పైగా ఆ టైముకి ఆయన ఇంట్లోనే ఉంటారు. బల్ల, సైకిల్ ఇంకా ఉన్నాయి, వాటికి కూడా చాట్‌తోనే ప్రయత్నిస్తాను.